కల్లు బంద్ చేస్తే ఫిట్స్ ఎందుకొస్తాయి?

2015 సెప్టెంబర్‌లో పేపర్లలో ఒక విచిత్రమైన వార్త వచ్చింది. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ వాళ్ళు గట్టిగా దాడులు మొదలుపెట్టారు. మంచి పనే. కానీ కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులకి జనం క్యూ కట్టారు. వాళ్ళు కల్లు తాగి జబ్బు పడ్డవాళ్ళు కాదు, కల్లు దొరక్క జబ్బు పడ్డవాళ్ళు. చేతులు వణకడం, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, లేనివి కనపడడం, తమలో తాము మాట్లాడుకోవడం, ఫిట్స్. కొందరు చనిపోయారని కూడా రాశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలన్నీ మూసేసినప్పుడు మళ్ళీ ఇదే కథ. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం.

మాది నల్లగొండ వైపు. ఈ వార్త గురించి ఆఫీసులో ఎప్పుడు మాటొచ్చినా మావాళ్ళు అనేది ఒకటే: "తాగుబోతుల నాటకాలు బాబూ, నాలుగు రోజులు కట్టేస్తే అదే పోతుంది." ఈ మాటే నాకు నచ్చదు. జాలి లేదని కాదు, టెక్నికల్‌గా తప్పు కాబట్టి. నాలుగు రోజులు కట్టేస్తే పోయేది కొన్నిసార్లు అలవాటు కాదు, మనిషి. పైగా ఈ మాట అనేవాళ్ళలో ఒకరిద్దరి డెస్కు సొరుగులో అదే మందు స్ట్రిప్పు ఉంటుంది. అదెలాగో చెప్తాను.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. చెట్టు నుంచి దించిన అసలు కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి తాగలేం. తాటి చెట్టయినా ఈత చెట్టయినా ఏడాది పొడవునా ఒకేలా పారదు. మరి పట్నాల్లో దుకాణాలకి అన్ని కాలాల్లోనూ, అన్ని వేళల్లోనూ, ఒకే మత్తుతో సీసాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఆ తేడాని నీళ్ళు, సాక్రిన్, మత్తుమందు పూడుస్తున్నాయి. దాడుల్లో పట్టుబడే పేర్లు మూడు: క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం (పేపర్లలో డైజోఫాం అని రాస్తారు), ఆల్ప్రాజోలం. మొదటిది పాతకాలపు నిద్రమందు. మిగతా రెండూ బెంజోడయాజెపైన్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి.

(ఇక్కడ గీత కార్మికుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. చెట్టెక్కి లొట్టి దించే గౌడన్న వేరు, గోదాములో పౌడరు కలిపేవాడు వేరు. మొదటివాడి బతుకు కూడా రెండోవాడి వల్లే పోతోంది.)

ఆల్ప్రాజోలం అనగానే కొందరికి వెలిగే ఉంటుంది. అవును, రాత్రి రెండు గంటలకి అమెరికా కాల్ అయ్యాక నిద్ర పట్టట్లేదంటే డాక్టరు పది రోజులకి రాసిచ్చే ఆ చిన్న మాత్రే. 0.25, 0.5 మిల్లీగ్రాముల్లో వస్తుంది. చట్ట ప్రకారం 2014 మార్చి నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు. అంటే చీటీ లేకుండా ఇవ్వకూడదు, మందుల షాపువాడు విడిగా రిజిస్టర్లో రాసుకోవాలి. ఆచరణలో ఎనిమిది నెలల కిందటి చీటీ చూపిస్తే ఇచ్చేసే షాపులు ఏ కాలనీలోనైనా దొరుకుతాయి. అలా పది రోజుల మందు పది నెలలు నడుస్తుంది. కల్లు సీసావాడికి తను ఏం తింటున్నాడో తెలియదు. మనకి స్ట్రిప్పు మీద రాసుంటుంది. తేడా అంతే.

లోపల జరిగేది

మెదడుని ఒక బండి అనుకోండి. దాని బ్రేకు పేరు గాబా. ఈ మందులు గాబా పట్టుకునే చోటనే పక్కన కూర్చుని బ్రేకుని ఇంకా గట్టిగా పట్టేలా చేస్తాయి. అందుకే ఆందోళన తగ్గుతుంది, నిద్రొస్తుంది, కండరాలు వదులవుతాయి. ఫిట్స్‌ని ఆపడానికి ఆసుపత్రిలో ఇచ్చేది కూడా ఇవే మందులు.

రోజూ బయటి నుంచి ఎవరో బ్రేకు తొక్కుతుంటే మెదడు ఊరుకోదు. తన సొంత బ్రేకుని వదులు చేసుకుంటుంది, యాక్సిలరేటర్ కొంచెం పెంచుకుంటుంది. దీనికి కొన్ని వారాలు చాలు. ఆ తర్వాత మందు వేసుకున్న మనిషి మామూలుగానే కనిపిస్తాడు. మత్తుగా ఉండడు, తూలడు. "నాకేం అలవాటు కాలేదు, చూడు బాగానే ఉన్నాను" అంటాడు. బాగానే ఉన్నది మందు ఉన్నంతసేపే. ఆ మందు ఒక్కసారిగా తీసేస్తే, వదులైన బ్రేకుతో, నొక్కిపెట్టిన యాక్సిలరేటర్‌తో బండి మిగులుతుంది. వణుకు, చెమటలు, గుండె దడ, చిన్న శబ్దానికే ఉలికిపాటు, ఇంకా ముదిరితే ఫిట్స్, మతి భ్రమ. ఇది నాటకం కాదు, సంకల్పబలంతో ఆగేదీ కాదు. ఎంత గట్టి మనసున్నవాడికైనా ఫిట్స్ వస్తే వస్తాయి.

ఎప్పుడు మొదలవుతుందనేది మందుని బట్టి ఉంటుంది. ఆల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు పన్నెండు గంటలు పడుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలు. డయాజిపాం సగమవడానికి రెండు రోజుల దాకా పట్టొచ్చు, ఒంట్లో దాని నుంచి తయారయ్యే మరో పదార్థానికి నాలుగు రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి వారం గడిచాక కూడా మొదలవచ్చు. "మూడు రోజులైంది, ఏం కాలేదు, ఇక ఫరవాలేదు" అనుకోవడానికి లేదన్నమాట.

మెల్లగా దించడం ఎలా

దీనికి మందు అదే మందు. ఇది వినగానే మనవాళ్ళు "అయితే మానడమేంటి?" అంటారు. వదులైన బ్రేకు మళ్ళీ బిగుసుకోవడానికి టైం కావాలి. అది బిగుసుకునే వేగాన్ని మించకుండా బయటి బ్రేకుని వదులుతూ రావాలి. మొత్తం కిటుకు ఇదే. దీన్ని మొదట పద్ధతిగా చేసి రాసినవారిలో ముఖ్యులు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పనిచేసిన హెదర్ ఆష్టన్. 1982 నుంచి 1994 దాకా ఆవిడ ఈ మందులు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. అమెరికాలో 2025లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు కూడా అదే దారిలో ఉన్నాయి: మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి అయిదు నుంచి పది శాతం తగ్గించండి, ఎంత తొందరైనా రెండు వారాల్లో ఇరవై అయిదు శాతం దాటకండి.

ఒక లెక్క వేద్దాం. ఇది అర్థం కావడానికి మాత్రమే, ఇంట్లో చేసుకోవడానికి కాదు. ఒకాయన ఎనిమిది నెలలుగా పొద్దున 0.5, రాత్రి 0.5 ఆల్ప్రాజోలం వేసుకుంటున్నాడు. అంటే రోజుకి ఒక మిల్లీగ్రాము. వయసు ముప్ఫై అయిదు, లివర్ బాగుంది, ఫిట్స్ చరిత్ర లేదు.

మొదటి సమస్య: ఆల్ప్రాజోలం త్వరగా దిగిపోతుంది. రెండు మోతాదుల మధ్యలోనే బాధ తెలుస్తుంది. కాబట్టి చాలామంది డాక్టర్లు ముందు దీన్ని నెమ్మదిగా దిగే డయాజిపాంకి మారుస్తారు. ఆష్టన్ పట్టిక ప్రకారం 0.5 ఆల్ప్రాజోలంకి 10 డయాజిపాం సమానం. ఇంకొన్ని పట్టికలు దాన్లో సగమే అంటాయి. అందుకే డాక్టరు మీకు చూపించేది లెక్క, నమ్మేది మీ ఒంటిని. ముందు రాత్రి మోతాదు ఒక్కటే మారుస్తారు. పగలు మరీ తూగుతుంటే డయాజిపాం ఎక్కువైందని, వణుకు మిగిలి ఉంటే చాల్లేదని అర్థం. ఒక వారం చూసి పొద్దుటి మోతాదు కూడా మారుస్తారు. మనాయనకి 20 దగ్గర కుదిరిందనుకుందాం.

ఇక్కణ్ణుంచి దిగుడు. రెండు వారాలకోసారి 2 చొప్పున: 20, 18, 16, 14, 12. పది వారాలకి 10కి వస్తాడు. అంటే సగం దారి. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. "సగం పది వారాల్లో అయింది, మిగతా సగం కూడా పది వారాలే" అనుకుంటారు. కానీ 20లోంచి 2 తీస్తే పది శాతం, 4లోంచి 2 తీస్తే యాభై శాతం. మెదడుకి తెలిసేది తీసిన మిల్లీగ్రాములు కాదు, ఉన్నదాంట్లో ఎంత పోయిందనేది. అందుకని 10 నుంచి ఒక్కొక్క మిల్లీగ్రామే. డయాజిపాం 2 మిల్లీగ్రాముల మాత్రని సగం చేస్తే ఒకటి వస్తుంది కాబట్టి ఇది చేయదగినదే. పది మెట్లు, మెట్టుకి రెండు వారాలు, ఇరవై వారాలు. చివరి మూడు నాలుగు మెట్లలో ఒక్క మిల్లీగ్రామైనా శాతంలో పెద్దదే. అక్కడ మాత్రని ఇంకా చిన్న ముక్కలు చేయడం కుదరకపోతే రెండు వారాల బదులు మూడు నాలుగు వారాలు ఆగుతారు. మొత్తం కలిపితే ఎనిమిది తొమ్మిది నెలలు. ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది, దిగడానికీ దాదాపు అంతే. ఇందులో అవమానమేం లేదు.

మధ్యలో ఏదో ఒక మెట్టు దగ్గర ఇబ్బంది వస్తుంది, దాదాపు అందరికీ. అప్పుడు చేసేది ఆ మెట్టు మీదే ఇంకో రెండు మూడు వారాలు ఆగడం. ఒకరోజు బాగాలేదని పాత మోతాదు, మర్నాడు బాగుందని అసలు వేసుకోకపోవడం, ఇది అన్నిటికన్నా చెడ్డది. మెదడుకి రోజుకో లెక్క చూపిస్తే దేనికీ సర్దుకోదు. దాని బదులు సాయంత్రం రెండు పెగ్గులు వేసుకోవడం ఇంకా ప్రమాదం. మద్యం కూడా అదే బ్రేకు మీద పనిచేస్తుంది, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. "అది మానేసి జోల్పిడెం వేసుకుంటున్నా" అనేవాళ్ళున్నారు. అదీ అదే చోట కూర్చునే మందే. పేరు మారింది, అంతే.

తగ్గించాక వచ్చిన ఆందోళన మందు దిగడం వల్లా, లేక పాత జబ్బు తిరిగొచ్చిందా అని ఎలా తెలుస్తుంది? టైం చూడాలి. మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లో వచ్చి, ఆగితే ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంటే అది దిగడం వల్లే. ఇదివరకు ఎప్పుడూ లేనివి, అంటే చర్మం మీద పాకినట్టుండడం, వెలుతురు భరించలేకపోవడం, నోట్లో ఇనుము రుచి లాంటివి ఉన్నా అంతే. మెల్లగా పెరుగుతూ, మందు మొదలుపెట్టక ముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంటే పాత జబ్బుకి వైద్యం విడిగా కావాలి. అందుకే రోజూ నిద్ర ఎన్ని గంటలు, మోతాదు ఎంత, ఇబ్బంది ఏమిటి అని ఒక వరుసలో రాసుకోమంటారు. లాగ్ ఫైలు లేకుండా డీబగ్ చేయలేం కదా, డాక్టరూ అంతే :)

ఫిట్స్ వచ్చినా, మనిషికి ఎక్కడున్నాడో తెలియకపోయినా, లేనివి కనిపిస్తున్నా అది ఆగి చూసే విషయం కాదు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. ముందే ఫిట్స్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు, లివర్ పాడైనవాళ్ళు పై లెక్కలో ఇమడరు. ముసలివాళ్ళ ఒంట్లో, పాడైన లివర్‌తో డయాజిపాం పేరుకుపోతుంది కాబట్టి వాళ్ళకి లోరాజిపాం లాంటి వేరే మందు ఎంచుకుంటారు.

సీసాకి లేబుల్ లేదు

ఇప్పుడు మళ్ళీ కల్లు దుకాణానికి వద్దాం. పైన వేసిన లెక్క మొదలయ్యేదే "రోజుకి ఒక మిల్లీగ్రాము" అన్న చోట. రోజుకి ఆరు సీసాలు తాగే మహబూబ్‌నగర్ కూలీకి ఆ అంకె లేదు. ఒక్కో దుకాణానికి ఒక్కో పాళ్ళు, ఒకే దుకాణంలో రోజుకో పాళ్ళు. మూత్రపరీక్షలో ఈ మందు ఉందని తెలుస్తుంది గానీ ఎంత అలవాటైందో తెలియదు. పైగా మద్యమూ క్లోరల్ హైడ్రేటూ కూడా కలిసి ఉండొచ్చు.

కాబట్టి ఇక్కడ అంకెని వెనక నుంచి కనుక్కోవాలి. మనిషిని ఆసుపత్రిలో చేర్చుకుని కొన్ని గంటలకోసారి వణుకు, నాడి, చెమట, నిద్ర, మాట తీరు చూస్తూ, డయాజిపాం గానీ లోరాజిపాం గానీ ఇస్తూ పోతారు. మనిషి కుదుటపడి, అలాగని మరీ మత్తులోకి జారకుండా ఉండే చోట ఆగుతారు. మొదటి రోజు మొత్తం ఎంత పట్టిందో అదే ఇతని మొదటి అంకె. అక్కణ్ణుంచి దిగుడు మొదలు. రాత్రీ పగలూ నర్సు చూస్తూంటుంది కాబట్టి వార్డులో వేగంగా దించొచ్చు. మిగిలింది ఇంటికెళ్ళాక వారం వారం మందిచ్చి దించాలి. నెలకి సరిపడా ఒకేసారి చేతికివ్వకూడదు, మందు ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి.

ఇక్కడ ఒక చిన్న మాట చాలా తేడా తెస్తుంది. రోగిని తెచ్చినవాళ్ళు సిగ్గుపడి "తాగుతాడు సార్" అని ఊరుకుంటారు. డాక్టరు సారా, బ్రాందీ అనుకుంటాడు. మద్యం మాన్పించడానికి కూడా ఇవే మందులు వాడతారు కానీ వారం పది రోజుల్లో ఆపేస్తారు. మద్యానికి అది చాలు. నెలల తరబడి డయాజిపాం కలిసిన కల్లు తాగినవాడికి ఆ వారం తర్వాతే అసలు బాధ మొదలవచ్చు. అప్పటికి ఇంటికి పంపేసి ఉంటారు. అందుకని మీ ఊరివాళ్ళనెవరినైనా తీసుకెళ్తే "దుకాణం కల్లు, రోజుకి ఇన్ని సీసాలు, ఇన్నేళ్ళ నుంచి, ఆఖరి సీసా ఫలానా రోజు" అని నాలుగు ముక్కలూ విడమరిచి చెప్పండి.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అప్పుడు మళ్ళీ దాడులు, అరెస్టులు, మూసివేతలు. అవి తప్పవు, తప్పకూడదు కూడా. విషం అమ్మేవాణ్ణి వదలమని ఎవరంటారు? కానీ కూకట్‌పల్లిది తాగడం వల్ల వచ్చిన చావు, 2015ది ఆపడం వల్ల వచ్చిన జబ్బు. మొదటిదానికి పోలీసులు చాలు. రెండోదానికి పోలీసులే కారణం అవుతారు, డాక్టరు పక్కన లేకపోతే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒక మండలంలో దుకాణాలు మూసే తారీఖు ఎక్సైజ్ శాఖకి ముందే తెలుసు. ఆ తారీఖు ఆసుపత్రికి కూడా ముందే తెలియాలి. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. 2015లో ఈ రెండు చోట్లా అవి లేవు. మూసే వారానికి కొన్ని మంచాలు, సరిపడా డయాజిపాం, లోరాజిపాం స్టాకు, రాత్రి డ్యూటీకి ఈ సంగతి తెలిసిన ఒక డాక్టరు, దుకాణం గోడ మీద "కల్లు ఆగి వణుకు వస్తే ఇక్కడికి రండి, కేసు పెట్టరు" అని ఒక బోర్డు. ఖర్చు ఎంతని? ఐసీయూలో ఒక ఫిట్స్ కేసుకి అయ్యేదానితో పోలిస్తే ఏం కాదు. ఆ బోర్డులో చివరి రెండు మాటలు ముఖ్యం. భయపడి ఇంట్లో తలుపేసుకున్నవాడే చచ్చిపోయేది.

దీనికి "ప్రభుత్వ ఖర్చుతో తాగుబోతులకి మత్తుమందు ఇస్తారా" అనే అభ్యంతరం వస్తుందని తెలుసు. దానికి నా జవాబు: అదే ఖర్చు మన కంపెనీ ఇన్సూరెన్సు మనకి పెడితే దాన్ని ట్రీట్‌మెంట్ అంటాం. ఒకే అణువు, ఒకే బ్రేకు, ఒకే దిగుడు. గచ్చిబౌలిలో అయితే రోగి, దేవరకొండలో అయితే తాగుబోతు ఎలా అవుతాడు?

చివరిగా, సొరుగులో స్ట్రిప్పు ఉన్న మిత్రులకి. ఇది చదివి భయపడి ఈ రాత్రి నుంచే మానేయకండి, వద్దనేది దాన్నే. కొన్ని వారాలు దాటి రోజూ వాడుతుంటే, ఇవాళ వేసుకునేది వేసుకుని, ఎంత, ఎన్నాళ్ళుగా అని కాగితం మీద రాసుకుని సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్ళండి. "ఆపేయండి" అని ఒక్క మాటతో పంపేస్తే ఎన్ని వారాల్లో, ఏ మెట్లలో అని అడగండి. మెట్లు చెప్పలేకపోతే ఇంకో డాక్టర్ని చూడండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఊళ్ళో మీ వాళ్ళకి కూడా అదే నంబరు.

దుకాణాల సంగతి మీద మీరేమంటారు? ముందు మూసి తర్వాత చూద్దాం అనేవాళ్ళుంటే వాళ్ళ వాదన కూడా వినాలనుంది.